నవంబరు 26న మొదలవ్వాల్సిన డిసెంబరు

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో ఇంటి నుంచే గ్రాఫిక్ డిజైన్ పనులు చేస్తుంటాను. హైదరాబాద్ ఏజెన్సీ ఒకటి నెలకు 20,000కు సోషల్ మీడియా పోస్టులు చేయించుకుంటుంది, 45 రోజులకు డబ్బు ఇస్తుంది. అది కాక ఈ డిసెంబరులో అచ్యుతాపురం కంపెనీకి 24 పేజీల బ్రోషర్ (60,000) 20వ తేదీకి, మద్దిలపాలెం ఆసుపత్రికి కొత్త విభాగం ప్రారంభోత్సవం ఆహ్వానాలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు (22,000) 22కి, గాజువాక ఫర్నిచర్ షాపుకు సంక్రాంతి ప్రకటనలు (14,000) 24కి ఇవ్వాలి. పోయినేడాది ఇలాగే అన్నీ మీదపడి నిద్ర లేకుండా చేశాను. అంత చేసినా సంక్రాంతికి చేతిలో డబ్బు లేదు. తేదీలన్నీ ఫోన్ క్యాలెండర్‌లో రాసుకుంటూనే ఉన్నాను. ఇంకెలా రాసుకోవాలి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మీ క్యాలెండర్‌లో ఉన్నవి పని ముగియాల్సిన తేదీలు. వాటిని చూస్తే డిసెంబరు మూడో వారం దాకా ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది. పనిని గంటల్లోకి మార్చి, వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి. అప్పుడు బొమ్మ మారిపోతుంది.

ముందు మీ వారం ఎంతో తేల్చుకోండి. ఆదివారం వదిలేస్తే ఆరు రోజులు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చున్నా డబ్బు వచ్చే పని ఐదు గంటలకు మించి సాగదు. ఫోన్లు, ఈమెయిళ్ళు, ఫైళ్ళు పంపడం, ప్రింటర్‌తో మాట్లాడటం మిగతా సమయాన్ని తినేస్తాయి. అంటే వారానికి 30 గంటలు. అందులో ఐదు గంటలు పాత పనుల కరెక్షన్లకు విడిగా ఉంచాలి, ఎందుకంటే అవి చెప్పి రావు. మిగిలిన 25లో ఏజెన్సీ పోస్టులకు ఏడు పోతాయనుకుంటే, కొత్త పనులకు మీ చేతిలో ఉన్నది వారానికి 18 గంటలు, రోజుకు మూడు. చాలామంది ఈ అంకెను నమ్మరు. మూడు వారాల పాటు ఏ పనికి ఎంతసేపు పట్టిందో ఒక పుస్తకంలో రాసుకుంటే మీ అసలు అంకె తెలుస్తుంది. మూడుకు బదులు నాలుగు వస్తే ఈ లెక్కలో నాలుగే వేసుకోండి.

ఇప్పుడు పనులు. బ్రోషర్‌కు 40 గంటలు, ఆసుపత్రి పనికి 18, షాపు ప్రకటనలకు 14 అనుకుందాం. విడివిడిగా లెక్కేస్తే బ్రోషర్ డిసెంబరు 4న, ఆసుపత్రి పని 15న, షాపు పని 18న మొదలుపెడితే సరిపోతుందనిపిస్తుంది. పోయినేడాది మిమ్మల్ని ముంచింది ఈ లెక్కే అయి ఉంటుంది. 15 నుంచి 19 వరకు ఉన్న ఆ ఐదు రోజులను బ్రోషరూ ఆసుపత్రి పనీ రెండూ తమవే అనుకుంటున్నాయి, 18, 19 తేదీలను షాపు పని కూడా. మూడూ కలిపితే 72 గంటలు. రోజుకు మూడు గంటల చొప్పున 24 పని రోజులు. డిసెంబరు 24 నుంచి ఆదివారాలు వదిలి వెనక్కి లెక్కపెట్టండి, నవంబరు 26 వస్తుంది. మీ క్యాలెండర్‌లో అన్నిటికన్నా ముందు, పెద్ద అక్షరాలతో ఉండాల్సిన తేదీ అది.

వేళ్ళమీద లెక్కపెట్టనక్కర్లేదు. స్ప్రెడ్‌షీట్‌లో పనులను గడువుల వరుసలో పెట్టండి. ఒక గడిలో ఆ పని వరకు కలిపిన మొత్తం గంటలు (40, 58, 72), పక్క గడిలో గడువు తేదీ వేయండి. సెలవుల తేదీలు Holidays అని పేరు పెట్టిన వేరే షీట్‌లో, A కాలమ్‌లో ఉంచుకోండి. సూత్రం ఇది:

```
=WORKDAY.INTL(C2, -ROUNDUP(B2/3,0), 11, Holidays!A:A)
```

B2లో గంటలు, C2లో గడువు. 3 అనేది మీ రోజువారీ గంటలు. 11 అంటే ఆదివారం ఒక్కటే సెలవు అని. మూడు వరుసల్లో అన్నిటికన్నా ముందు వచ్చే తేదీయే మీరు కుర్చీలో కూర్చోవాల్సిన రోజు. కొత్త క్లయింటు ఫోన్ చేసి "22కి చిన్న పని ఉందండీ" అన్నప్పుడు ఆ గంటలు కలిపి చూడండి. వచ్చిన తేదీ ఇవాళ్టికంటే ముందుదైతే ఆ పని పట్టదని తెలిసిపోతుంది. అప్పుడు గడువు మార్చమని అడగాలి, లేదా వదులుకోవాలి. "ఎలాగోలా చేసేద్దాం" అని ఒప్పుకుంటే ఆ భారం మరొక క్లయింటు మీద పడుతుంది.

గంటలు సరిపోయినంత మాత్రాన పని సాఫీగా సాగిపోదు. డ్రాఫ్టు పంపాక క్లయింటు చూసి చెప్పేదాకా ఆ పని ఆగిపోతుంది. ఆ ఆగిపోయిన రోజుల్లో రెండో పనిని కూర్చోబెట్టాలి. మీ డిసెంబరును ఇలా నడపొచ్చు.

నవంబరు 26 నుంచి డిసెంబరు 2 దాకా పూర్తిగా బ్రోషరే, 18 గంటలు. తర్వాతి మూడు రోజుల్లో ఇంకో ఎనిమిది గంటలు పెడితే 24 పేజీల మొదటి డ్రాఫ్టు డిసెంబరు 5 సాయంత్రానికి అచ్యుతాపురం చేరుతుంది. వాళ్ళు చూసి మార్పులు చెప్పడానికి మీరు 11 దాకా సమయమిస్తారు. ఈలోపు ఆసుపత్రి పనిలో 12 గంటలు అయిపోతాయి, ఆ డ్రాఫ్టు 10న వెళ్తుంది. 11న బ్రోషర్ మార్పులు వస్తాయి కాబట్టి 16 వరకు దానికి పది గంటలు, షాపు ప్రకటనలకు 5న మిగిలిన ఒక గంటతో కలిపి ఆరు గంటలు. ఆసుపత్రివాళ్ళ మార్పులు 16కల్లా రావాలి. 17, 18 తేదీల్లో బ్రోషర్ చివరి నాలుగు గంటలు పూర్తిచేసి ఫైనల్ ఫైళ్ళు పంపండి. 20వ తేదీ ఆదివారం, ఆరోజు అవతల ఫైలు తెరిచేవాళ్ళు ఉండరు. 21 మధ్యాహ్నానికి ఆసుపత్రిది, 23కి షాపుది పూర్తవుతాయి.

ఇందులో మీ చేతిలో లేనివి రెండు రకాల తేదీలు. మొదటిది మ్యాటర్ అందే తేదీ. బ్రోషర్‌కు కావలసిన ఫోటోలు, లోగో ఒరిజినల్, ఉత్పత్తుల వివరాలు నవంబరు 24కల్లా రాకపోతే 26న మీరు తెల్ల పేజీ ముందు కూర్చుంటారు. రెండోది మార్పులు చెప్పే తేదీ. ఈ రెండిటినీ మీ క్యాలెండర్‌లో మరో రంగులో పెట్టండి, క్లయింటుకు పని మొదట్లోనే ఈమెయిల్‌లో రాసి పంపండి.

రాసేటప్పుడు ఒక విషయం దాచకండి. ఇలా పేర్చిన క్యాలెండర్‌లో క్లయింటు చేసే ఒక రోజు ఆలస్యం ఒక రోజుతో పోదు. బ్రోషర్ మార్పులు 11కు బదులు 15న వచ్చాయనుకోండి. వాటి కోసం ఉంచిన రోజుల్లో మీరు షాపు పని చేస్తుంటారు, ఆ తర్వాతి రోజులు ఆసుపత్రివి. కాబట్టి బ్రోషర్ 24 తర్వాతే తెమలుతుంది. ముందే ఇలా రాయండి: "మీ మార్పులన్నీ ఒకేసారి, 11వ తేదీ సాయంత్రం ఐదింటిలోపు పంపితే 20కల్లా ఫైనల్ ఫైళ్ళు ఇస్తాను. ఆ తర్వాత వస్తే తర్వాతి ఖాళీ డిసెంబరు 26న ఉంది." ఇది కటువుగా అనిపిస్తుందేమోనని సందేహించకండి. అవతల ఆ బ్రోషర్ బాధ్యత చూసే ఉద్యోగికి తన పైవాళ్ళ దగ్గర చూపించుకోవడానికి ఇలాంటి తేదీ ఒకటి అవసరం.

మరొకటి కూడా అడిగి తెలుసుకోండి. ఆసుపత్రివాళ్ళు 22 అన్నది ఫైలు అందాల్సిన రోజా, అచ్చయిన ఆహ్వానాలు చేతికి రావాల్సిన రోజా? రెండోదైతే ప్రింటర్‌కు ఎన్ని రోజులు కావాలో అడిగి మీ గడువును అన్ని రోజులు ముందే పెట్టుకోవాలి. ఆ సంగతి 20న కాదు, నవంబరులోనే తెలియాలి. పైగా మన తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో కరెంటు, నెట్‌వర్కు రోజుల తరబడి లేవు. అంతటిది ఏటా రాదు గానీ, ఒకటి రెండు రోజులు కరెంటు పోవడం మామూలే. కుదిరితే 26కు బదులు నవంబరు 23నే మొదలుపెట్టండి, ఆ మూడు రోజులు అలాంటి వాటికి పనికొస్తాయి.

ఇక డబ్బు. పని క్యాలెండర్ కిందే డబ్బుకు మరో వరుస ఉండాలి. పని చేసిన నెలా డబ్బొచ్చే నెలా ఒకటి కావు. పని ఇచ్చిన రోజు, వాళ్ళు ఒప్పుకున్న రోజు, బిల్లు పంపిన రోజు, అది అకౌంట్స్‌లో నమోదైన రోజు, డబ్బు రావాల్సిన రోజు. ఈ ఐదిటిలో మీరు ఇప్పుడు రాసుకుంటున్నది మొదటిదొక్కటే.

ఏజెన్సీ సంగతే చూడండి. చాలా కంపెనీలు ప్రతి నెలా ఒక తేదీలోపు అందిన బిల్లులనే ఆ నెలలోకి తీసుకుంటాయి. మీ ఏజెన్సీకి అది 25 అనుకుందాం. నవంబరు పోస్టుల బిల్లు 24న పంపితే 25న లెక్కలోకి వస్తుంది, 45 రోజులకు జనవరి 9న డబ్బు వస్తుంది. నెల పూర్తయ్యాక పంపుదామని డిసెంబరు 1న పంపితే అది డిసెంబరు 25 దాకా అక్కడే కూర్చుంటుంది, డబ్బు ఫిబ్రవరి 8న వస్తుంది. బిల్లు ఆలస్యమైంది ఒక వారం, డబ్బు ఆలస్యమైంది ఒక నెల, మధ్యలో సంక్రాంతి వెళ్ళిపోయింది. ఏజెన్సీ అకౌంట్స్‌కు ఇవాళే ఒక ప్రశ్న రాయండి: ఏ తేదీలోపు బిల్లు అందాలి? ఆ తేదీకి రెండు రోజుల ముందు ప్రతి నెలా మోగేలా అలారం పెట్టుకోండి. నెలవారీ పని కాబట్టి నెల ముగియకముందే బిల్లు పంపవచ్చా అని కూడా అందులోనే అడగండి.

బిల్లు పంపిన మూడో రోజున ఇంకో అలారం ఉండాలి, "నమోదైందా?" అని. కంపెనీ పేరులో తేడా, పర్చేజ్ ఆర్డర్ నంబరు వేయకపోవడం, మీ పాన్ మీద పేరూ బ్యాంకు ఖాతా మీద పేరూ వేరుగా ఉండటం, ఈ మూడే ఎక్కువ బిల్లులను పక్కన పడేస్తాయి. ఇబ్బందేమిటంటే వాళ్ళు మీకు చెప్పరు. 45వ రోజున మీరు అడిగితే "సరిచేసి మళ్ళీ పంపండి" అంటారు, లెక్క మొదటికొస్తుంది. మూడో రోజున అడిగితే పోయేది మూడు రోజులే.

బ్రోషర్ డబ్బును చివరికి వదిలేస్తే ఏమవుతుందో చూద్దాం. 18న ఫైళ్ళు ఇస్తారు. క్రిస్మస్, కొత్త సంవత్సరం గడిచి జనవరి 4న "బాగుంది" అంటారు. 6న మీరు బిల్లు పంపుతారు. 45 రోజులకు ఫిబ్రవరి 20. నవంబరు 26న మొదలుపెట్టిన పనికి దాదాపు మూడు నెలల తర్వాత డబ్బు. అందుకే దాన్ని మూడు వాయిదాలుగా అడగండి: పని మొదలయ్యేటప్పుడు 24,000, మొదటి డ్రాఫ్టు ఇచ్చాక 24,000, ఫైనల్‌కు 12,000. అడ్వాన్సు ఇవ్వడం మా పద్ధతి కాదంటే రెండో వాయిదాను మాత్రం వదలకండి. డ్రాఫ్టు చేతికి అందిన పని, అది అడ్వాన్సు కిందకు రాదు. ఫైనల్ ఇచ్చేటప్పుడు ఈమెయిల్‌లో "ఏడు రోజుల్లో మార్పులేవీ చెప్పకపోతే ఒప్పుకున్నట్టుగా భావించి బిల్లు పంపుతాను" అని రాయండి. బిల్లు డిసెంబరు 26కల్లా వెళ్తుంది. గాజువాక షాపుకు ఇవేవీ అక్కర్లేదు. మొదలుపెట్టేముందు 7,000, మిగతా 7,000 యూపీఐలో వచ్చాక ప్రింటుకు పనికొచ్చే ఫైళ్ళు. అప్పటిదాకా వాళ్ళు చూసుకోవడానికి తక్కువ నాణ్యత ఉన్న బొమ్మ చాలు.

డబ్బు వరుసలో 60,000 అని రాయకండి. ఒక సంస్థ మీకిచ్చే వృత్తిపరమైన ఫీజు ఒక ఆర్థిక సంవత్సరంలో 50,000 దాటితే పది శాతం టీడీఎస్ పట్టుకుంటుంది. అంటే చేతికొచ్చేది 54,000. కొన్ని సంస్థలు ఇలాంటి పనిని కాంట్రాక్టుగా లెక్కేసి వ్యక్తులకు ఒక శాతమే పట్టుకుంటాయి, కాబట్టి ముందే అడగండి. మీకు పన్ను పడకపోతే ఆ ఆరు వేలు రిటర్ను వేశాక వాపసు వస్తాయి. అవి వచ్చే ఏడాది డబ్బు, ఈ జనవరి ఖర్చులకు లెక్కలోకి రావు.

45 రోజులన్న మాట మీద ఒక చట్టం మీకు అండగా ఉంది. ఉద్యం పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకోండి, అది ఉచితం. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం కొనుగోలుదారు మీ పనిని అంగీకరించాక రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. "మాది 60 రోజుల పద్ధతి" అనడం చెల్లదు. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. ఈ రక్షణ నమోదు చేసుకున్నాక చేసిన పనులకే వర్తిస్తుంది కాబట్టి నవంబరు 26 లోపే ఆ పని పూర్తిచేసుకోండి, నమోదు నంబరును ప్రతి బిల్లు మీదా వేయండి. వడ్డీ కోసం ఫిర్యాదు దాకా వెళ్ళేవాళ్ళు తక్కువే. దీనివల్ల ఎక్కువగా కలిసొచ్చేది మార్చిలో. సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లులను ఈ గడువు దాటించి, మార్చి 31లోపు కూడా చెల్లించకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది తమ పన్ను లెక్కలో చూపించుకోవడానికి కంపెనీలకు వీలుండదు. ఈ నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఫిబ్రవరి మూడో వారంలో మిగిలిన బకాయిల జాబితాను ఉద్యం నంబరుతో సహా అకౌంట్స్‌కు పంపండి. మార్కెటింగ్ వాళ్ళకు పంపితే దాని విలువ తెలియదు.

చివరగా, డబ్బు రాని ఆ నెల. అది ఎక్కడుందో డబ్బు వరుస ఇప్పుడే చూపిస్తుంది. డిసెంబరంతా పనిలో మునిగిపోయి కొత్త పని కోసం ఎవరినీ అడగరు. జనవరి మొదటి సగం సంక్రాంతికి పోతుంది. 13 నుంచి 16 దాకా ప్రింటర్లు కూడా దొరకరు. ఫిబ్రవరిలో పాత బిల్లుల డబ్బు వస్తుంటే అంతా బాగానే ఉన్నట్టుంటుంది. ఖాళీ మార్చిలో తగులుతుంది, అప్పుడు మీరు దాన్ని మార్చి తప్పు అనుకుంటారు. కొత్త క్లయింటు మాట్లాడి తేల్చడానికి మూడు వారాలు, పనికి మూడు వారాలు, డబ్బుకు 45 రోజులు కలిపితే 87 రోజులు. మార్చి 15న చేతిలో డబ్బు కావాలంటే డిసెంబరు 18న ఎవరినో ఒకరిని అడిగి ఉండాలి. సరిగ్గా మీకు క్షణం తీరిక లేని వారం అది.

అందుకని ఆ పనిని తీరిక మీద పెట్టొద్దు. ప్రతి గురువారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా రెండు గంటలు దానికే కేటాయించండి. పైన లెక్కలోకి తీసుకోని గంటల్లోంచే అవి వస్తాయి, 18కి కోత పడదు. ఆ సమయంలో పాత క్లయింట్లలో ఇద్దరికి ఫలానా పని జనవరి 18 నుంచి చేయగలనని తేదీతో సహా రాయండి. అచ్యుతాపురం కంపెనీ బ్రోషర్ మొదటి డ్రాఫ్టు చూసిన వారమే, డిసెంబరు 10న, వాళ్ళ ఉత్పత్తుల లేబుళ్ళ పని అడగడానికి మంచి సమయం. మీ పని అప్పుడు వాళ్ళ బల్ల మీద ఉంటుంది.